పద్య పఠనానికి మార్కులు ఎలా వేయాలి: ఒక ఉత్పలమాలతో చేసి చూద్దాం

బళ్ళో పద్య పఠనం పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోమన్నారనుకోండి. చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో ఉచ్చారణ, భావం, నడక, ధారణ అని నాలుగు గడులుంటాయి, ఒక్కోదానికి అయిదేసి మార్కులు. ఏ తప్పు ఏ గడిలోకి పోతుందో, ఎంత పోతే ఎన్ని తగ్గించాలో దాని మీద ఉండదు. అందుకే చాలామంది ముందు మనసులో ఒక మొత్తం అనుకుని, తర్వాత దాన్ని నాలుగు గడుల్లో పంచేస్తారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే వేశాను. గొంతు బాగుండి రాగం తీసిన పిల్లలకే ప్రతిసారీ మొదటి బహుమతి పోతోందని గమనించాక, ఆ కాగితాన్ని పక్కన పెట్టి నా పట్టిక నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

వీలైతే ఒక తరగతి పిల్లలందరికీ ఒకే పద్యం ఇప్పించండి. ఎవరికి నచ్చింది వారు తెచ్చుకోవచ్చంటే మార్కులు సరిపోల్చలేం. ఒకరు వేమన ఆటవెలది చెబుతారు. అందులో పాదం ఎక్కడ ఆగితే మాట కూడా దాదాపు అక్కడే ఆగుతుంది కాబట్టి నడకలో తప్పు చేయడానికి చోటే ఉండదు. ఇంకొకరు పోతన ఉత్పలమాల చెబుతారు. అందులో పాదం చివర మాట సగంలో తెగి, తర్వాతి పాదంలో పూర్తవుతుంది. ఈ ఇద్దరికీ నడకలో ఒకే కొలత పెడితే, కష్టమైన పద్యం ఎంచుకున్నందుకే రెండోవారు నష్టపోతారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికని ఈ పద్యం తీసుకుందాం. భాగవతంలో గజేంద్రమోక్షం ఘట్టం. మొసలి పట్టు వదలడం లేదు, ఏనుగుకు తన బలం మీద నమ్మకం పోయింది. అప్పుడంటుంది:

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వని యందు డిందు పరమేశ్వరు డెవ్వడు మూలకారణం
బెవ్వ డనాది మధ్య లయు డెవ్వడు సర్వము దానయైన వా
డెవ్వడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్

మొదట మార్కులు పంచుకోండి

మొత్తం 20 అనుకుందాం. ఉచ్చారణకు 6, నడకకు 5, భావానికి 5, ధారణకు 4. నాలుగింటికీ సమానంగా అయిదేసి పెట్టకపోవడానికి కారణం ఉంది. పోటీకి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి పద్యం నోటికి వచ్చే ఉంటుంది, కాబట్టి ధారణలో అందరికీ ఇంచుమించు ఒకే మార్కులు పడతాయి. తేడా చూపించలేని గడికి ఎక్కువ మార్కులు కేటాయిస్తే, తేడా చూపించే గడులకు చోటు తగ్గిపోతుంది. ఉచ్చారణకు ఒకటి ఎక్కువ ఇచ్చింది, అందులో తప్పుల్ని వేలు పెట్టి చూపించగలం కనుక. పిల్లవాడి తండ్రి వచ్చి అడిగినా జవాబు చెప్పుకోగలం.

ఒక్క నియమం మాత్రం ముందే రాసి పెట్టుకోండి. ఒక తప్పు ఒక గడిలోనే పడాలి. పిల్ల మధ్యలో మరిచిపోయి నాలుగు సెకన్లు ఆగిందంటే అది ధారణ తప్పు. దానికే మళ్ళీ "నడక తెగింది", "భావం చెడింది" అని తగ్గిస్తే, ఒక్క మరపుకు మూడు చోట్ల శిక్ష వేసినట్టవుతుంది.

ప్రతి మీద గుర్తులు పెట్టుకోండి

పోటీకి ముందురోజు పద్యం పెద్ద అక్షరాల్లో రాసుకుని, పాదానికీ పాదానికీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ వదలండి. పిల్లలెందరో అన్ని నకళ్ళు తీయించండి. ఒక్కొక్కరికి ఒక్కో నకలు.

ఇప్పుడు ఆ పద్యంలో నాలుక ఎక్కడ జారుతుందో అక్కడ గీత గీయండి. ఈ పద్యంలో అలాంటివి మూడు రకాలు. మొదటిది శ: పరమేశ్వరుడు, ఈశ్వరు, శరణంబు. ఇది 'స' అయిపోతుంది. రెండోది ఒత్తు: మధ్యలో ధ, ఆత్మభవులో భ. ఇవి మద్య, ఆత్మబవు అవుతాయి. మద్య అన్నప్పుడు అర్థం ఎటు పోయిందో మీకు తెలుసు. మూడోది ణ: కారణం, శరణంబు. వీటితో పాటు చివరి 'వేడెదన్'లో పొల్లు నకారాన్ని చాలామంది మింగేస్తారు, రాగం తీసేవాళ్ళు 'వేడెదా' అని సాగదీస్తారు.

ఇంకొకటి పైకి కనబడదు. 'ఎవ్వ'లో వకారం ద్విత్వం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఇదే 'వ్వ', ప్రాస ఇక్కడే ఉంది. తొందరలో 'ఎవనిచే', 'ఎవడు' అనేస్తే మొదటి అక్షరం గురువు కాస్తా లఘువైపోతుంది. ఉత్పలమాలకు ప్రతి పాదం మొదట భగణం, అంటే గురువుతో ఎత్తుకోవాలి. ఛందస్సు తెలియని వారికి కూడా అక్కడ పద్యం చప్పబడినట్టు వినిపిస్తుంది. అందుకే దీన్ని ఉచ్చారణలో లెక్కపెట్టండి.

తర్వాత ఆగే చోట్లు. వాటికి నిలువు గీతలు పెట్టండి. నా ప్రతిలో ఇలా ఉంటుంది:

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై |
యెవ్వని యందు డిందు | పరమేశ్వరు డెవ్వడు | మూలకారణం
బెవ్వడు | అనాది మధ్య లయు డెవ్వడు | సర్వము దానయైన వా
డెవ్వడు || వాని నాత్మభవు నీశ్వరు | నే శరణంబు వేడెదన్

(మూడో పాదంలో 'బెవ్వ డనాది' అని కలిపే చదవాలి. గీత ఎక్కడో చూపించడానికే అక్కడ విడదీసి రాశాను.)

చూడండి, రెండో పాదం చివర గీత లేదు, మూడో పాదం చివరా లేదు. 'మూలకారణంబు + ఎవ్వడు' అన్నది ఒక మాట, 'వాడు + ఎవ్వడు' అన్నది ఇంకో మాట. పాదం అయిపోయింది కదా అని అక్కడ ఊపిరి తీసుకుంటే "మూలకారణం... బెవ్వడు", "దానయైన వా... డెవ్వడు" అవుతుంది. ఆ బెవ్వడు ఎవరు, డెవ్వడు ఎవరు? వినేవారికి ఏమీ అర్థం కాదు. పుస్తకంలో అచ్చు వేసిన వరుస చూసి కంఠతా పట్టిన పిల్లలు దాదాపు అందరూ ఇక్కడ పడతారు. నడక గడిలో నేను మొట్టమొదట చూసేది ఈ రెండు చోట్లే.

ఉచ్చారణ: 6

తప్పుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టకండి, రకాలుగా లెక్కపెట్టండి. 'శ' పలకలేని పిల్ల ఈ పద్యంలో మూడు చోట్ల జారుతుంది, కానీ అది ఒకే రకం తప్పు. రకానికి ఒక మార్కు తగ్గించండి. ఒకే ఒక్క చోట జారి, మిగతా చోట్ల అదే అక్షరం సరిగ్గా పలికితే ఏమీ తగ్గించకండి, అది తొట్రుపాటు. పద్యం తెలిసిన మీకే మాట అర్థం కానంతగా పలికితే మొత్తం మీద 2 దాటనివ్వకండి.

యాసకు మార్కు తగ్గించకూడదు. శ్రీకాకుళం పిల్ల మాట చివర కాస్త సాగదీస్తుంది. రాయలసీమ పిల్లవాడు గట్టిగా నొక్కుతాడు. తెలంగాణ పిల్లల పలుకు తీరు వేరు. ఒక అక్షరం స్థానంలో ఇంకో అక్షరం వచ్చిందా లేదా అన్నదే ఇక్కడి లెక్క, పలుకు ఏ జిల్లాది అన్నది కాదు. మీ చెవికి అలవాటు లేని యాస వింటున్నప్పుడు ఒకసారి గీతలు గీసిన ప్రతి వైపు చూడండి. గీత ఉన్న అక్షరం సరిగ్గా పలికితే ఆ మార్కు ఆ పిల్లదే.

రాగం తీసినా ఇదే లెక్క. ఆగే చోట అచ్చును సాగదీస్తే తప్పేమీ లేదు. మాట మధ్యలో సాగదీసి 'జానించు', 'శారణంబు' అనిపిస్తే మాత్రం హ్రస్వం దీర్ఘమైంది, అది ఒక రకం తప్పు. రాగం తీసినందుకు విడిగా మార్కులు లేవు, తీయనందుకు కోతా లేదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. లేకపోతే పాడలేని పిల్లలు పేరివ్వడానికే జంకుతారు.

నడక: 5

నడక అంటే వేగం ఒక్కటే కాదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ కలిపారు అన్నది ముఖ్యం. వేగాన్ని సులువుగా తేల్చవచ్చు. పాదానికి 20 అక్షరాల చొప్పున ఈ పద్యంలో 80 అక్షరాలు. రాగం లేకుండా స్పష్టంగా చదివితే నా గడియారంలో 25 సెకన్లు అటూ ఇటూ పడుతుంది. రాగంతో అయితే అందుకు రెట్టింపు కూడా కావచ్చు. 15 సెకన్లలో ముగించారంటే పరుగెత్తినట్టే, ఒక మార్కు తగ్గించండి. నిదానానికి తగ్గించకండి, ఆగకూడని చోట ఆగితేనే తగ్గించండి.

మాటను మధ్యలో తెంచిన ప్రతి చోటుకీ ఒక మార్కు. మూలకారణం దగ్గర ఒకటి, వా దగ్గర ఒకటి. కలపకూడని వాటిని కలిపినా అంతే. చివరి పాదంలో 'ఈశ్వరు నే శరణంబు' అన్నది చాలామంది నోట 'ఈశ్వరునే శరణంబు' అవుతుంది. ఇక్కడ 'నే' అంటే 'నేను'. నేను శరణు వేడుతున్నాను అంటోంది ఏనుగు. కలిపేస్తే ఈశ్వరుణ్ణే అని అర్థం మారి, ఆ 'నేను' కాస్తా ఎగిరిపోతుంది. అప్పటిదాకా ఏడుసార్లు 'ఎవ్వడు' అని వెతికి, చివరికి 'నేను' అని తన మాట చెప్పుకునే చోటది.

సంధి విడదీసి చదివే పిల్లలూ ఉంటారు. 'జగము ఎవ్వని' అంటారు. అర్థం చెడదు కానీ పాదంలో ఒక అక్షరం పెరిగి 21 అవుతుంది, పద్యం నడక కుంటుతుంది. దానికీ ఒక మార్కు.

నత్తి ఉన్న పిల్లల విషయంలో ఈ లెక్క వాడకండి. మాట ఎత్తుకోవడానికి పట్టే సమయాన్ని వదిలేసి, ఏ మాట దగ్గర ఆగాలని ఆ పిల్లవాడు అనుకున్నాడో చూడండి. గీత ఉన్న చోట మాట పూర్తి చేసి ఆగితే నడక సరిగ్గా ఉన్నట్టే.

భావం: 5

న్యాయనిర్ణేతలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. చేతులు ఊపి, కళ్ళు మూసి, నొసలు ముడిచే పిల్లకు ఎక్కువ వేసేస్తాం. అందుకే వింటున్నంతసేపూ నేను ప్రతి వైపే చూస్తాను, ముఖం వైపు చూడను. భావం గొంతులో ఉంటే కాగితం చూస్తున్నా వినబడుతుంది.

ఈ పద్యంలో భావాన్ని కొలవడానికి ఒక చక్కటి వీలుంది. 'ఎవ్వ' అన్న మాట ఏడుసార్లు వస్తుంది: ఎవ్వనిచే, ఎవ్వని లోపల, ఎవ్వని యందు, తర్వాత నాలుగుసార్లు ఎవ్వడు. ప్రతిదీ ఒక ప్రశ్నే, కానీ ఏడూ ఒకే గొంతుతో పలికితే అది ఎక్కాలు అప్పజెప్పినట్టుంటుంది. ప్రశ్న మీద ప్రశ్న పేరుకుంటూ పైకి ఎక్కాలి. ఏడోది అయ్యాక ఒక నిలుపు ఉండాలి (ప్రతిలో రెండు గీతలు పెట్టింది అందుకే). 'వాని' దగ్గర గొంతు మారాలి, వెతుకులాట ముగిసి వేడుకోలు మొదలవుతుంది.

అయిదు మార్కుల్ని ఇలా చూడండి. మలుపు వినబడి, ప్రశ్నలు పెరుగుతూ పోతే 5. మలుపు వినబడి, ప్రశ్నలు ఒకేలా ఉంటే 4. ప్రశ్న ప్రశ్నలా వినబడుతోంది గానీ మలుపు లేదంటే 3. మొదటి నుంచి చివరి దాకా ఒకే గొంతు అయితే 2. అర్థానికి విరుద్ధమైన భావం పెడితే 1. కొందరు పిల్లలు మొదటి అక్షరం నుంచే ఏడుపు గొంతుతో ఎత్తుకుంటారు, ఏనుగు కష్టంలో ఉందని ఎవరో చెప్పి ఉంటారు. మొదటి మూడు పాదాల్లో ఉన్నది ఏడుపు కాదు, వెతుకులాట. అయినా ఏడుపు గొంతుకు నేను 1 వేయను, 2 వేస్తాను. పిల్ల ఘట్టాన్ని అర్థం చేసుకుంది, చోటు మాత్రం తప్పింది.

ధారణ: 4

ఆగిపోతే మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆలోగా తనే అందుకుంటే మొదటిసారి ఏమీ తగ్గించకండి. లేకపోతే తర్వాతి మాట ఒక్కటే అందించి, ఒక మార్కు తగ్గించండి. అందించేది ఒక్కరే ఉండాలి. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు అందిస్తే ఎవరికి ఎంత సాయం అందిందో తేలదు.

ఈ పద్యంలో ఇంకో ప్రమాదం ఉంది. అన్నీ ఎవ్వడులే కావడంతో పిల్లలు ఒక ఎవ్వడు మీద నుంచి ఇంకో ఎవ్వడు మీదకు దూకేస్తారు. 'పరమేశ్వరు డెవ్వడు' అన్నాక 'మూలకారణం' వదిలేసి నేరుగా 'అనాది మధ్య'లోకి వెళ్ళిపోతారు. ఎక్కడా ఆగరు కాబట్టి సభలో ఎవరికీ తెలియదు, కాగితం చూస్తున్న మీకే తెలుస్తుంది. దీనికి 2 తగ్గించండి. అందించాల్సి రావడం కన్నా ఇది పెద్ద తప్పు, పద్యంలో ఒక ముక్కే పోయింది.

ఇద్దరికి వేసి చూద్దాం

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చదివింది. రాగం లేదు, గొంతు సన్నం. నా ప్రతిలో పడిన గుర్తులు ఇవి: 'పరమేస్వరు', 'సరణంబు', 'మద్య', 'ఆత్మబవు'. మూలకారణం దగ్గర ఆగింది. వా దగ్గర ఆగలేదు, కలిపి చదివింది. సర్వము తర్వాత నాలుగు సెకన్లు మౌనం, తనే అందుకుంది. చివరి పాదంలో ఎవ్వడు అన్నాక చక్కగా నిలిచి గొంతు తగ్గించింది, కానీ 'ఈశ్వరునే' అని కలిపేసింది. ప్రశ్నలు మాత్రం అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఉచ్చారణలో రెండు రకాలు, కాబట్టి 4. నడకలో ఒక తెంపు, ఒక కలుపు, కాబట్టి 3. భావంలో మలుపు ఉంది, ఎక్కుడు లేదు, 4. ధారణ 4. మొత్తం 15.

తర్వాత ఒక అబ్బాయి. మంచి గొంతు, మోహన రాగం, చివర పొడుగాటి ఆలాపన, చప్పట్లు. ప్రతిలో ఉన్నవి: ప్రతి పాదం చివరా ఆగాడు, 'జానించు' అని సాగింది, 'వేడెదా' అన్నాడు, 'ఈశ్వరునే' అని కలిపాడు. ఏడు ప్రశ్నలకూ ఒకటే వరస, మలుపు లేదు. ఉచ్చారణలో రెండు రకాలు, 4. నడకలో మూలకారణం, వా, ఈశ్వరునే, మూడు తగ్గితే 2. భావం 2. ధారణ 4. మొత్తం 12.

పట్టిక లేకుండా వేసి ఉంటే ఆ అబ్బాయికి 17 వేసేవాణ్ణి, చప్పట్లు ఇంకా చెవుల్లో ఉంటాయి కాబట్టి.

రెండో న్యాయనిర్ణేతతో

పోటీ మొదలవకముందు, పోటీలో లేని ఒక విద్యార్థిని పిలిచి పద్యం చదివించుకోండి. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసి చూసుకోండి. ఏ గడిలో తేడా రెండు దాటినా ఆ గడి గురించి మాట్లాడుకోవాలి. సాధారణంగా తేడా వచ్చేది భావంలోనే. ఒకరు చేతుల కదలికకు వేసి ఉంటారు, ఇంకొకరు గొంతుకు వేసి ఉంటారు. ఆ అయిదు నిమిషాలు పెట్టకపోతే పోటీ చివర అరగంట వాదించుకోవాల్సి వస్తుంది.

పిల్ల చదువుతున్నంతసేపూ అంకెలు వేయకండి, గుర్తులే పెట్టండి. చదివి దిగాక, తర్వాతి పేరు పిలిచేలోపు గుర్తుల్ని అంకెలుగా మార్చండి. మొదట చదివిన ఇద్దరు ముగ్గురికి వేసినవి అన్నీ అయ్యాక ఒకసారి మళ్ళీ చూడండి. మొదట్లో చేయి బిగబట్టి వేస్తాం, గుర్తులు ఉన్నాయి కాబట్టి సరిదిద్దడం తేలిక.

ఫలితాలు చెప్పాక ఆ నకళ్ళను పిల్లలకే ఇచ్చేయండి. ఇచ్చే ముందు ఒక్కొక్కరి కాగితం కింద ఒకే ఒక పని రాయండి, రెండు వద్దు. పై అమ్మాయి కాగితం మీద నేను రాసింది: "'మూలకారణంబెవ్వడు' అన్నది ఒకే మాట. దానికి ముందు ఊపిరి తీసుకో, మధ్యలో వద్దు."